రొయ్యల హ్యాకథాన్‌కు ఊపున్న పేరు ఎలా పెట్టాలి?

ప్రశ్న: మాది నెల్లూరు దగ్గర ఇంజనీరింగ్ కాలేజీ. మొదటిసారి 24 గంటల హ్యాకథాన్ పెడుతున్నాం. థీమ్ రొయ్యల సాగు. పేరు వినగానే థీమ్ గుర్తుకు రావాలి, ఊపు కూడా ఉండాలి. ఇప్పటిదాకా AquaHack, Aquathon, BlueHack, HackNellore అనుకున్నాం. ఏదీ మనసుకు ఎక్కడం లేదు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పగలరా?

జవాబు:

తమ్ముడూ, మీ నాలుగు పేర్లూ మనసుకు ఎక్కకపోవడానికి కారణం ఉంది. నాలుగింటిలోనూ ఏదీ కదలడం లేదు. ఒకవైపు నీళ్ళ పేరో ఊరి పేరో, ఇంకోవైపు హ్యాక్ అనో థాన్ అనో ఒక అతుకు. పేరులో ఊపు కావాలంటే ఆ విషయంలో తిరిగేది, ఎగిరేది, చప్పుడు చేసేది ఏదో వెతికి దాన్ని పేరుగా తీసుకోవాలి. కావలి, ఒంగోలు వైపు కాలేజీల్లో కొన్నేళ్ళుగా హ్యాకథాన్‌లకు మెంటర్‌గా వెళ్తున్నాను. విడవలూరు దగ్గర మా బాబాయికి రొయ్యల గుంటలు ఉన్నాయి. మీ థీమ్ నాకు బాగా దగ్గర కాబట్టి దాన్నే తీసుకుని చివరిదాకా చేసి చూపిస్తాను.

ముందు మీ లిస్టు చూద్దాం. నెల్లూరులో ‘ఆక్వా’ అంటే రొయ్యలే. మీ ఇంట్లో, మీ హాస్టల్లో అందరికీ అదే అర్థం. కానీ అనంతపురం నుంచో కర్నూలు నుంచో వచ్చే టీముకు ఆక్వా అంటే మినరల్ వాటర్ క్యాన్. AquaHack అని పోస్టర్ వేస్తే సగం మంది తాగునీటి ప్రాజెక్టులు పట్టుకుని వస్తారు. Aquathon సంగతి ఇంకో రకం. ఈత, పరుగు కలిపి పెట్టే పోటీలను ఆక్వాథ్లాన్ అంటారు, కొన్నిచోట్ల ఆక్వాథాన్ అని కూడా అంటారు. ఎవరైనా మీ పేరు వెతికితే స్విమ్మింగ్ పూల్ ఫొటోలే ముందు వస్తాయి. BlueHack దేనికైనా సరిపోతుంది, అందుకే దేన్నీ చెప్పదు. HackNellore ఊరిని చెబుతుంది, థీమ్‌ను వదిలేస్తుంది.

‘థాన్’ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ప్రతి కాలేజీలోనూ చేయి ముందు దాని మీదికే పోతుంది. హ్యాకథాన్ అనే మాట 1999లో వాడుకలోకి వచ్చింది. ఆ ఏడాది జూన్‌లో కెనడాలోని కాల్గరీలో ఓపెన్‌బీఎస్‌డీ ప్రోగ్రామర్లు ఒకచోట కూర్చుని చేసిన పనికి ఆ పేరు వాడారు. హ్యాక్, మారథాన్ కలిపిన మాట అది. మారథాన్ ఏమో గ్రీసులో ఒక ఊరి పేరు. అంటే ‘థాన్’ అనే ముక్కకు సొంత అర్థం ఏమీ లేదు, మారథాన్ పరుగు వల్ల ‘చాలాసేపు సాగేది’ అనే భావం మాత్రం దానికి అంటుకుంది. అది నిడివిని చెబుతుందే కానీ వేగాన్ని చెప్పదు. మీకు కావాల్సింది వేగం.

ఆ వేగం చెవికి ఎలా తెలుస్తుందో కొలిచే పద్ధతి మన దగ్గరే ఉంది. స్కూల్లో నేర్చుకున్న లఘువు, గురువు గుర్తు తెచ్చుకోండి. ‘ఆక్వాథాన్’ అనండి. ఆ, క్వా, థాన్, మూడూ గురువులే. నోరు మూడుసార్లు ఆగి ఆగి కదులుతుంది. ‘బ్లూహ్యాక్’ రెండు గురువులు. ‘హ్యాక్ నెల్లూరు’లో మూడు గురువుల తర్వాత ఒక్క లఘువు. అన్నీ బరువైన అడుగులే. ఇప్పుడు మనం రోజూ తొందరను చెప్పడానికి వాడే మాటలు తీసుకోండి: గబగబా, చకచకా, టపటపా, గిరగిరా. నాలుగింటిదీ ఒకే నడక. మూడు లఘువులు, చివర ఒక గురువు. ఛందస్సులో దీన్నే నగము అంటారు. మూడు చిన్న అడుగులు పరిగెత్తి నాలుగో అడుగు గట్టిగా పడుతుంది. ఆ చివరి దీర్ఘాన్ని జనం ఎంతసేపైనా సాగదీసి అరవొచ్చు. తెలుగు చెవికి ఊపు అంటే ఈ నడకే. ఇంగ్లీషు పేరు పెట్టినా ఇదే కొలత వేసి చూడండి, తేడా తెలిసిపోతుంది.

ఇక గుంట గట్టు మీదికి వెళ్దాం. పేరు వెతికేటప్పుడు సాధారణంగా వస్తువుల పేర్లు రాసుకుంటారు: రొయ్య, నీరు, ఉప్పు, మేత. మీరు పనుల పేర్లు రాయండి. మీ క్లాసులో గుంటలు ఉన్న ఇళ్ళ పిల్లలు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. వాళ్ళను కూర్చోబెట్టి రాత్రి నుంచి తెల్లారేదాకా గట్టు మీద ఏం జరుగుతుందో చెప్పమనండి. వాళ్ళు చెప్పేది ఇంచుమించు ఇలా ఉంటుంది. పగలు ఎండలో నీటిలోని నాచు, ప్లాంక్టన్ ఆక్సిజన్‌ను తయారు చేస్తాయి. చీకటి పడ్డాక ఆ తయారీ ఆగిపోతుంది, వాడకం మాత్రం ఆగదు. రొయ్య, నాచు, అడుగున కుళ్ళే మేత, అన్నీ కలిసి తీసుకుంటూనే ఉంటాయి. అందుకే నీటిలో కరిగిన ఆక్సిజన్, రైతులు డీవో అనేది, తెల్లారే ముందు అన్నిటికంటే తక్కువకు పడుతుంది. దాన్ని 4 పీపీఎం పైన ఉంచాలని చూస్తారు. 3 కంటే తగ్గితే రొయ్యకు కష్టం మొదలవుతుంది, ఇంకా తగ్గితే పైకి తేలుతుంది. ‘రొయ్య తేలింది’ అన్న మాట వినపడితే గట్టు మీద ఎవరూ నిలబడి ఉండరు. అలా జరగకుండా ఉండాలంటే నీటిలో గాలి కలిపే ఏరేటర్లు రాత్రంతా తిరుగుతూనే ఉండాలి. కరెంటు పోతే నిమిషాల్లో జనరేటర్ ఎక్కాలి.

ఈ కథలో మీకు పనికొచ్చేది రెండుచోట్ల ఉంది. మొదటిది, రైతు మేలుకుని ఉండే గంటలూ మీ టీములు మేలుకుని ఉండే గంటలూ ఒకటే. తెల్లవారుజామున 4 గంటలకు గట్టు మీద టార్చిలైటు, మీ ల్యాబ్‌లో ల్యాప్‌టాప్ లైటు. ఈ పోలిక మీకు ఊరికే దొరికింది, వదులుకోవద్దు. రెండోది, రాత్రంతా ఆగకుండా కదిలేది ఏరేటర్ చక్రం. నీటిని కొడుతూ గిరగిరా తిరుగుతుంది.

ఈ దారిలో వచ్చిన పేర్లను ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదట DO4 అనిపించింది. డీవో నాలుగు, తెల్లవారుజామున నాలుగు, పైగా ఇంగ్లీషులో డూ అంటే చెయ్యి. కాగితం మీద చాలా బాగుంది. నోటితో చదివించేసరికి తేలిపోయింది. రైతు ‘డీవో ఫోర్’ అంటాడు, ఫస్టియర్ కుర్రాడు ‘డూ ఫోర్’ అంటాడు. ఒకే పేరును రెండు గుంపులు రెండు రకాలుగా పలికితే అది రెండు పేర్లయినట్టే. వదిలేశాను.

తర్వాత Countdown. ఇది వదలడానికి నాకు చాలా బాధేసింది. రొయ్య ధర కౌంట్ మీద ఉంటుంది, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయి అన్న లెక్క మీద. 100 కౌంట్ అంటే చిన్న రొయ్య, 30 కౌంట్ అంటే పెద్దది, మంచి ధర పలికేది. సాగు మొత్తం ఆ అంకె కిందికి దిగడం కోసమే. హ్యాకథాన్‌లో గడియారం కూడా కిందికే దిగుతుంది. రెండూ ఇంత చక్కగా కలిసే మాట అరుదు. కానీ మన ప్రాంతంలో కౌంట్‌డౌన్ అంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది శ్రీహరికోట. ఆ పేరుతో పోస్టర్ వేస్తే ఇది స్పేస్ హ్యాకథాన్ అనుకుంటారు, ఉపగ్రహాల ప్రాజెక్టులతో టీములు వస్తాయి. ఊపు ఉంది, థీమ్ మాత్రం తప్పుగా చెబుతుంది. దీన్ని మొత్తం పేరుగా కాకుండా మీ చివరి గంటకు పేరుగా పెట్టుకోండి. స్క్రీన్ మీద అంకె 100 నుంచి మొదలై 30కి దిగి అక్కడ ఆగితే, ముందు వరసలో కూర్చున్న రైతులకు ఒక్క మాట కూడా చెప్పాల్సిన పని ఉండదు.

ప్రకాశం వైపు కూడా ఇదే గోతిలో పడటం చూశాను. చీమకుర్తి గ్రానైట్ మీద థీమ్ అనగానే, ఆ రాయిని బ్లాక్ గెలాక్సీ అంటారు కదా అని అందరూ గెలాక్సీ పేర్లే రాశారు. రాయి గురించి తెలిసినవాళ్ళకే అది రాయి, మిగతా అందరికీ అది ఆకాశం.

ఆ తర్వాత జంట మాటలకు వచ్చాను. జలజలా: నీళ్ళున్నాయి, నడక ఉంది. కానీ తెలుగులో జలజలా రాలేవి ఎక్కువగా కన్నీళ్ళే. పండగ లాంటి పోటీకి అది వద్దు. బుడబుడ: ఆక్సిజన్ బుడగలకు సరిగ్గా సరిపోతుంది. కానీ ఇంగ్లీషు అక్షరాల్లో BudaBuda అని రాస్తే డకారమో దకారమో తెలియదు, చాలామంది బుద్ధుడి వైపు వెళ్ళిపోతారు.

మిగిలింది గిరగిరా. GiraGira.

దీన్ని గట్టిగానే పరీక్షించాను. నడక మనకు కావాల్సిన నగమే. అర్థంలో కదలిక ఉంది, ఆ కదలిక ఏరేటర్‌ది. ఇంగ్లీషు అక్షరాల్లోకి పెడితే గందరగోళం తక్కువ. ఈ చివరి విషయం మీద కాస్త ఆగుతాను, ఎందుకంటే నేను ఒకసారి ఇక్కడే బాగా దెబ్బతిన్నాను.

కొన్నేళ్ళ కింద ఒక కాలేజీలో వ్యవసాయం థీమ్‌కు మేము ‘కృషి’ అన్న మాటతో పేరు పెట్టాం. తెలుగువాళ్ళం కాబట్టి పోస్టర్ మీద Krushi అని వేశాం. హిందీ అలవాటు ఉన్నవాళ్ళు, కేంద్ర ప్రభుత్వ పథకాల పేర్లు చూసి చూసి అలవాటైనవాళ్ళు Krishi అని టైప్ చేశారు. వాళ్ళకు మా పేజీ కనపడలేదు. రిజిస్ట్రేషన్ ముగిసే ముందు రోజు రాత్రి ఫోన్లు మొదలయ్యాయి, లింక్ పనిచేయడం లేదని. లింక్ బాగానే ఉంది, పేరులోనే తప్పు. ఆ రాత్రి పడిన టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు. అప్పటినుంచి ఏ తెలుగు మాటనైనా పేరుగా తీసుకునే ముందు అందులో ఋ ఉందా, త–ట, ద–డ, ల–ళ, శ–ష లాంటి జంటలు ఉన్నాయా, మధ్యలో దీర్ఘం ఉందా అని చూస్తాను. ‘వాన’ను Vana అనాలా Vaana అనాలా అన్నదాని మీదే గంట వాదన నడుస్తుంది. ‘రొయ్య’ అంతే: Roya, Royya, Roiyya. గిరగిరలో ఉన్నవి గకారం, రకారం, హ్రస్వాలు. చివరి దీర్ఘాన్ని రాతలో వదిలేయండి, నోరు దాన్ని తనే సాగదీసుకుంటుంది.

G అక్షరాన్ని ‘జి’ అని చదువుతారేమో అన్న అనుమానం మీకూ వచ్చి ఉంటుంది. నాకూ వచ్చింది. Giri, Gita అన్న పేర్లు మనందరి క్లాసుల్లోనూ ఉంటాయి కాబట్టి మనవాళ్ళు తప్పు చదవరు. బయటి రాష్ట్రాల టీములు చదవొచ్చు. పోస్టర్ మీద ఇంగ్లీషు పేరు కింద తెలుగులో కూడా ‘గిరగిరా’ అని పెద్దగా వేయండి, ప్రమోషన్ వీడియోలో ఒకసారి నోటితో పలికించండి. తెలుగు అక్షరాల్లో ఒక్క ఒత్తు కూడా లేకపోవడం ఇంకో లాభం. ఫ్లెక్సీ షాపుల్లో యూనికోడ్ తెలుగును డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పేస్ట్ చేస్తే ఒత్తులు విడిపోయి పక్కకు పడటం మీరూ చూసే ఉంటారు. ఈ మాటలో విడిపోవడానికి ఏమీ లేదు.

లోపాలు లేవని కాదు. మొదటిది, కళ్ళు తిరిగినా, తల తిరిగినా మనం గిరగిరా అనే అంటాం. నిద్రలేని 24 గంటల పోటీకి ఆ అర్థం అంటుకుంటే బాగుండదు. దీనికి విరుగుడు లోగో. ఏరేటర్ చక్రం బొమ్మ పేరుకు ఆనుకుని ఉంటే అర్థం అటే వెళ్తుంది. బొమ్మ లేకుండా ఈ పేరు ఎక్కడా ఒంటరిగా వాడకండి. రెండోది, జపాన్ భాషలో ఇవే అక్షరాలతో ఒక మాట ఉంది, కళ్ళు చెదిరే మెరుపును చెప్పేది. ఉత్త gira gira అని వెతికితే అదే ముందు వస్తుంది. కాబట్టి ఇన్‌స్టా హ్యాండిల్, రిజిస్ట్రేషన్ పేజీ, హ్యాష్‌ట్యాగ్ అన్నీ GiraGiraNellore అని ఒకే రకంగా పెట్టండి. అప్పుడు ఊరి పేరుకు కూడా నిజమైన పని దొరుకుతుంది. హ్యాండిల్‌లో ఏడాది వేయకండి, వచ్చే ఏడు జూనియర్లు మళ్ళీ మొదటినుంచి ఫాలోవర్లను వెతుక్కోవాల్సి వస్తుంది. ఏడాదిని పోస్టర్ మీద విడిగా వేసుకోండి.

ఊరి పేరు వాడేటప్పుడు ఒక జాగ్రత్త. చాలామంది సీనియర్లు పెన్నా నది పేరుతో ఏదో పెట్టమని చెబుతారు, చెప్పి ఉంటారు కూడా. అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీ విద్యార్థుల హ్యాకథాన్ PennApps చాలా ఏళ్ళుగా నడుస్తోంది, పేరున్నది. Penna అని మొదలుపెట్టి Hacks అనో Apps అనో చేరిస్తే దానికి నకలులా కనిపిస్తుంది. మీ తప్పు లేకపోయినా సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

పేరు ఒక్కటే థీమ్ మొత్తాన్ని మోయదు, మోయించకండి. దాని కింద ఒక లైను ఉండాలి, అది సాదాగా ఉండాలి. ఇంగ్లీషు పోస్టర్ మీద ‘24-hour shrimp farming hackathon’. ప్రిన్సిపాల్ గారికి ఇచ్చే పర్మిషన్ లెటర్‌లోనూ, సర్టిఫికెట్ మీదా పేరుతో పాటు ఆ లైను పూర్తిగా రాయండి. రేపు ఇంటర్వ్యూలో ఎవరికైనా అది ఏమిటో అర్థం కావాలి. తెలుగు పోస్టర్ మీద మాత్రం హ్యాకథాన్ అన్న మాట వాడొద్దని నా సలహా. మన ఊళ్ళలో హ్యాక్ అంటే ఫోన్ హ్యాక్ అవడం, బ్యాంకులో డబ్బులు పోవడం. రైతులను జడ్జీలుగా పిలవాలనుకుంటే, మేత డీలర్ల దగ్గర స్పాన్సర్‌షిప్ అడగాలనుకుంటే ఆ మాట మొదటి నిమిషంలోనే అనుమానం పుట్టిస్తుంది. ‘రొయ్యల గుంటల సమస్యలకు 24 గంటల్లో పరిష్కారం: విద్యార్థుల పోటీ’ అని వేయండి. చదివినాయన గేటు దాటి లోపలికి వస్తాడు.

ఖాయం చేసే ముందు రెండు పరీక్షలు చేయండి, ఒక సాయంత్రం సరిపోతుంది. మొదటిది ఫోన్ పరీక్ష. పదిమందికి ఫోన్ చేసి పేరు ఒక్కసారే చెప్పి, విన్నది విన్నట్టు వాట్సాప్‌లో టైప్ చేసి పంపమనండి. ఆ పదిమందిలో మీ హాస్టల్ వాళ్ళే కాకుండా తెలుగు రానివాళ్ళు ఇద్దరైనా, గుంటలున్న రైతులు ఇద్దరైనా ఉండాలి. ముగ్గురు, అంతకంటే ఎక్కువమంది వేరే స్పెల్లింగ్ పంపితే పేరు మార్చండి. అంతకంటే తక్కువైతే ఆ తప్పు స్పెల్లింగ్‌తో కూడా ఒక హ్యాండిల్ తీసుకుని అసలు పేజీకి దారి చూపండి. రెండోది పోస్టర్ పరీక్ష. పేరు, లోగో మాత్రమే చూపించి కింది లైనును చేత్తో కప్పి, ఇది దేని గురించి అనుకుంటున్నారని అడగండి. ‘తిరిగేది, మోటారు, నీళ్ళు’ అంటే మీరు సరైన దారిలో ఉన్నారు. ‘డాన్స్ పోటీ’ అన్నవాళ్ళు ఎక్కువైతే లోగోలో చక్రం కింద నీళ్ళు ఇంకాస్త స్పష్టంగా గీయాలి. అప్పటికీ మారకపోతే పేరును వదిలేయండి, మొహమాటం వద్దు. లిస్టులో పనుల పేర్లు ఇంకా ఉంటాయి.

మైకు సంగతి మర్చిపోతున్నాను. మీ ఆడిటోరియంలో మైకు పట్టుకుని ఒకరు ‘గిర!’ అంటే హాలంతా ‘గిరా!’ అని తిరిగి అనేలా ఒకసారి చేసి చూడండి. ఇలా రెండుగా విడదీసి అరవగలిగే పేర్లు తక్కువ. తెల్లవారుజామున 4 గంటలకు టీములు టేబుళ్ళ మీద వాలిపోయే సమయంలో, గట్టు మీద డీవో చూసే సమయంలోనే, ఈ పిలుపు మీకు పనికొస్తుంది.

బాబాయి షెడ్డులో మోటారు పోయిన పాత ఏరేటర్ ఒకటి ఉంది. చక్రాలు మాత్రం బాగున్నాయి, చేత్తో తిప్పితే తిరుగుతాయి. స్టేజి మీద పెట్టుకోవాలనుకుంటే ఇక్కడే చెప్పండి, ముందు రోజు ట్రాలీ ఆటోలో వేసి పంపిస్తాను.